సంక్రాంతి సినిమా ఫిబ్రవరిలోనే చూడాలా?

2025 సంక్రాంతికి మూడు పెద్ద తెలుగు సినిమాలు ఐదు రోజుల్లో వరసగా వచ్చాయి. జనవరి 10న గేమ్ ఛేంజర్, 12న డాకు మహారాజ్, 14న సంక్రాంతికి వస్తున్నాం. థియేటర్‌కి వెళ్లలేనివాళ్లు, వెళ్లినా ఇంకోసారి ఇంటిల్లిపాదీ కూర్చుని చూద్దామనుకున్నవాళ్లు ఓటీటీ కోసం ఎదురుచూశారు. మొదటిది ఫిబ్రవరి 7న ప్రైమ్ వీడియోలోకి వచ్చింది. రెండోది ఫిబ్రవరి 21న నెట్‌ఫ్లిక్స్‌లోకి, మూడోది మార్చి 1న జీ5లోకి. ఒకే పండక్కి వచ్చిన మూడు సినిమాలు మూడు వారాల తేడాలో మూడు వేరువేరు ఇళ్లలో తేలాయి. మూడింటినీ వచ్చినరోజే చూడాలంటే మూడు సబ్‌స్క్రిప్షన్లు ఒకేసారి నడుస్తుండాలి.

హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఇప్పుడు జరుగుతున్నది ఇదే. ఒక సినిమా కోసం ఒకటి తీసుకుంటారు, అది చూసేశాక ఆపడం మర్చిపోతారు. నెల తిరక్కుండానే ఇంకో సినిమా ఇంకోచోటికి వస్తుంది. ఏడాది గడిచేసరికి నాలుగైదు ఓటీటీలకి ఆటోపేలో డబ్బులు కట్ అవుతుంటాయి. రాత్రి తొమ్మిదిన్నరకి భోజనాలయ్యాక టీవీ ముందు కూర్చుంటే చూసేది మాత్రం ఒక్కటే. మిగతావన్నీ ఆ రాత్రికి ఊరికే నడుస్తున్న మీటర్లు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇన్ని ఓటీటీలకి ఒకేసారి కట్టే డబ్బులో ఎక్కువ భాగం సినిమాకి పోవడం లేదు, తొలిరోజుకి పోతోంది. సినిమా వచ్చినరోజే చూడాలన్న పట్టుదల వదులుకుంటే, అదీ కొన్ని నెలలు ఆగితే, అదే సినిమాలు, అదే టీవీలో, సగం కన్నా తక్కువ ఖర్చుతో చూడొచ్చు. అందుకు చేయాల్సింది రెండు పనులు. ఏడాదికి ఇంత అని ఒక అంకె పెట్టుకోవడం, ఓటీటీలని వంతులవారీగా తీసుకోవడం.

ముందు టైమ్ లెక్క చూద్దాం. ఉద్యోగాలు చేసే ఇద్దరు, చదువుకునే పిల్లలిద్దరు ఉన్న ఇల్లు అనుకోండి, కూకట్‌పల్లిలో. మామూలు రోజుల్లో ముప్పావుగంట, శని ఆదివారాల్లో రెండేసి గంటలు చూస్తారు. వారానికి ఎనిమిది గంటలు, నెలకి ముప్ఫై పైచిలుకు. తెలుగు సినిమా సగటున రెండున్నర నుంచి మూడు గంటలు. ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్ ఒకటి ఆరు గంటలు. అంటే ఆ ఇంటికి నెలకి పట్టేది ఆరు సినిమాలు, రెండు సిరీస్‌లు. అంతకంటే చూడటానికి టైమే లేదు. ఆ ఆరు సినిమాలూ రెండు సిరీస్‌లూ ఏ ఒక్క ఓటీటీలోనైనా దొరుకుతాయి, వాటిని పోగుపడనిస్తే.

ఈ పోగుపడటం ఎలా ఉంటుందో నిజమైన తేదీలతో చూడండి. దేవర 2024 నవంబరు 8న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. లక్కీ భాస్కర్ నవంబరు 28న. పుష్ప 2 మరుసటి ఏడాది జనవరి 30న. డాకు మహారాజ్ ఫిబ్రవరి 21న. ఒక్కోదాన్ని వచ్చినరోజే చూసిన ఇల్లు నవంబరు 8 నుంచి మార్చి 8 దాకా నాలుగు నెలలు నెట్‌ఫ్లిక్స్ కట్టింది. స్టాండర్డ్ ప్లాన్ నెలకి రూ.499 కాబట్టి రూ.1,996. అదే మార్చి 7న ఒక్క నెలకి తీసుకున్న ఇల్లు నాలుగు సినిమాలూ ఆ నెలలోనే చూసింది. నాలుగూ కలిపి పన్నెండు గంటలలోపే, ఇంకా పద్దెనిమిది గంటలు మిగిలే ఉన్నాయి. ఖర్చు రూ.499. రెండిళ్లూ చూసినవి అవే సినిమాలు. రెండో ఇల్లు డాకు మహారాజ్‌ని రెండు వారాలు ఆలస్యంగా చూసింది, దేవరని నాలుగు నెలలు ఆలస్యంగా చూసింది, అంతే తేడా.

ఇక్కడ అడ్డుచెప్పేవాళ్లు ఉంటారని తెలుసు. నాలుగు నెలలు ఆగితే కథంతా రీల్స్‌లోనే తెలిసిపోతుంది, ఆఫీసులో అందరూ మాట్లాడుకుంటుంటే నోరు మూసుకుని కూర్చోవాలి అంటారు. అది నిజమైన ఇబ్బందే, కొట్టిపారేయను. కాకపోతే థియేటర్ నుంచి ఓటీటీకి వచ్చేసరికే నాలుగు నుంచి ఎనిమిది వారాలు గడిచిపోతాయి. గేమ్ ఛేంజర్‌కి నాలుగు వారాలు పట్టింది, పుష్ప 2కి సరిగ్గా ఎనిమిది. కథ బయటపడేది ఆ మధ్యలోనే. ఓటీటీలో మొదటిరోజు చూసినవాడు కూడా అప్పటికే ఆలస్యం. నిజంగా ఆగలేని సినిమా ఏడాదికి రెండో మూడో ఉంటే వాటిని థియేటర్‌లో చూడటమే న్యాయం. మిగతా పాతికకి తొలిరోజు అవసరమా అని ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

ఇప్పుడు అంకె సంగతి. నెలకింత అని పెట్టుకుంటే ఈ పద్ధతి నడవదు. ఎందుకంటే కొన్ని ప్లాన్లు మూడు నెలలకి ఒకేసారి కట్టేవి, ఒక నెలలో వెయ్యి పోయి, తర్వాతి రెండు నెలలు సున్నా ఉండొచ్చు. అందుకని ఏడాదికి పెట్టుకోండి. కూకట్‌పల్లి ఇంటికి రూ.4,200 అనుకుందాం, సగటున నెలకి 350. ఇదే ఇల్లు అన్నీ ఏడాది పొడుగునా ఉంచుకుంటే ఎంతవుతుందో 2025 ధరల్లో చూస్తే ప్రైమ్ ఏడాదికి 1,499, జియోహాట్‌స్టార్ ప్రీమియం 1,499, నెట్‌ఫ్లిక్స్ స్టాండర్డ్ పన్నెండు నెలలకి 5,988. ఈ మూడింటికే 8,986. ఆహా, జీ5, సోనీలివ్, ఈటీవీ విన్ ఇంకా కలపనేలేదు.

అదే 2025ని వంతుల్లో పెడితే ఇలా వస్తుంది. ఫిబ్రవరిలో ప్రైమ్ ఒక నెల, 299. మార్చి మొదటివారంలో నెట్‌ఫ్లిక్స్. మార్చి 22న ఐపీఎల్ మొదలయ్యే రోజు జియోహాట్‌స్టార్ మూడు నెలలకి, 499. ఏప్రిల్, మే నెలల్లో ఇంకేమీ తీసుకోరు, సాయంత్రాలన్నీ క్రికెట్‌కే సరిపోతాయి. జూన్ చివర్లో నెట్‌ఫ్లిక్స్ రెండోసారి, ఆగస్టులో మూడోసారి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ప్రైమ్ మూడు నెలల ప్లాన్, 599. దసరా, దీపావళి కొనుగోళ్ల డెలివరీ కూడా అందులోనే కలిసొస్తుంది. డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ నాలుగోసారి. మొత్తం కూడితే రూ.3,393. ఇంకా 807 చేతిలో ఉంటుంది, అది ఆహాకో జీ5కో ఈటీవీ విన్‌కో ఏదైనా మంచి సినిమా వచ్చినప్పుడు.

ఈ లెక్కలో ఒక చిన్న విషయం నాకు బాగా ముఖ్యం. నెట్‌ఫ్లిక్స్ ఖరీదని చాలామంది 199 రూపాయల బేసిక్ ప్లాన్‌లోకి దిగి, దాన్ని ఏడాదంతా ఉంచుకుంటారు. అది 2,388 అవుతుంది. బొమ్మ 720పి, ఒకేసారి ఒక్క స్క్రీన్. నాలుగు నెలలు స్టాండర్డ్ తీసుకుంటే 1,996, 1080పి బొమ్మ, రెండు స్క్రీన్లు. 43 అంగుళాల టీవీలో ఈ తేడా కళ్లకి కనిపిస్తుంది. వంతులు పెట్టుకున్న ఇల్లు తక్కువ డబ్బుతో మెరుగైన బొమ్మ చూస్తోంది. పిసినారితనం అనుకునేవాళ్లకి నేను చూపించేది ఈ అంకెలే.

వార్షిక ప్లాన్ చవక కదా అనే ప్రశ్నకి జవాబు ఒక భాగహారంలో ఉంది. ఏడాది ధరని నెల ధరతో భాగించండి. ప్రైమ్‌కి 1,499ని 299తో భాగిస్తే ఐదు. నెలనెలా కడుతూ ఏడాదిలో ఐదు నెలలకి మించి ప్రైమ్ చూసే ఇల్లయితే వార్షికమే తీసుకోవాలి, అంతకు తక్కువైతే నెలవారీ, వరసగా మూడు నెలలైతే మూడు నెలల ప్లాన్. అమెజాన్‌లో వారానికో ఆర్డర్ పెట్టే ఇంటికి డెలివరీ కోసమే వార్షికం గిట్టుబాటవుతుంది, అలాంటప్పుడు దాన్ని ఓటీటీ లెక్కలోంచి తీసేసి ఇంటి సామాన్ల లెక్కలో వేసుకోవాలి. మరొకటి, 2025 జూన్ 17 నుంచి ప్రైమ్ వీడియోలో మధ్యమధ్య యాడ్స్ వస్తున్నాయి. అవి వద్దంటే నెలకి 129 అదనం. ఆ 129ని కూడా కలుపుకునే భాగహారం చేయండి. నెట్‌ఫ్లిక్స్‌కి మన దేశంలో వార్షిక ప్లానే లేదు. నెలనెలా కట్టే పద్ధతి కాబట్టి వంతులకి అన్నిటికన్నా అనువైనది అదే.

ధరలు మారుతుంటాయి, జియోహాట్‌స్టార్‌వి మరీ ఎక్కువ. పైన చెప్పిన 499 అది 2025 ఫిబ్రవరి 14న మొదలైనప్పటి ధర. అందుకే అంకెలు బట్టీ పట్టకండి, భాగహారం గుర్తుంచుకోండి. కట్టేరోజు ఆప్‌లో కనిపించే ధరతో ఆ లెక్క రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

మూడు నెలల ప్లాన్లలో ఇంకో చిక్కుంది, చాలామంది దొరికిపోయేది ఇక్కడే. 2025లో ఛాంపియన్స్ ట్రోఫీ ఫిబ్రవరి 19న మొదలైంది. బంగ్లాదేశ్‌తో మన మ్యాచ్ 20న. ఆరోజు జియోహాట్‌స్టార్ మూడు నెలలకి తీసుకున్నవాళ్లకి ప్లాన్ మే 20 ప్రాంతంలో అయిపోయింది. ఐపీఎల్ ఫైనల్ ముందు మే 25న అనుకున్నారు. మే 9న టోర్నీ వారంపాటు ఆగింది, చివరికి ఫైనల్ జూన్ 3న జరిగింది. సరిగ్గా ప్లేఆఫ్స్ ముందు తెర మీద సబ్‌స్క్రైబ్ చేయమని అడిగితే ఎవరైనా ధర చూడకుండా కట్టేస్తారు. అదే మార్చి 22న తీసుకున్నవాళ్లకి జూన్ 21 దాకా ఉంది. టోర్నీ ఆగినా భయం లేకపోయింది.

బిగ్‌బాస్ తెలుగు విషయంలో ఇదే చిక్కు ఇంకో రకంగా వస్తుంది. ఎనిమిదో సీజన్ 2024 సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 15 దాకా, తొమ్మిదోది 2025 సెప్టెంబరు 7 నుంచి డిసెంబరు 21 దాకా నడిచింది. రెండూ పదిహేను వారాలు, 105 రోజులు. మూడు నెలల ప్లాన్ తొంభై రోజులు పైన ఒకటో రెండో. మొదటిరోజే తీసుకుంటే ఆఖరి రెండు వారాలు చేజారతాయి. మొదటి పదిహేను రోజులు స్టార్ మాలో చూసి మూడో వారంలో తీసుకుంటే ఫైనల్ దాకా సరిపోతుంది. ఏ ప్లాన్ తీసుకున్నా లెక్క మొదటిరోజు నుంచి కట్టకూడదు. ఆఖరి రోజు నుంచి వెనక్కి కట్టుకుంటూ రావాలి.

కేబుల్ ఉన్న ఇళ్లవాళ్లు టీవీని మర్చిపోకూడదు కూడా. సంక్రాంతికి వస్తున్నాం జీ5లోకి వచ్చిన మార్చి 1నే సాయంత్రం జీ తెలుగులో వేశారు. ఆ ఒక్క సినిమా కోసం జీ5 తీసుకోవాలనుకున్న ఇంటికి రిమోట్ చాలు. బ్రాడ్‌బ్యాండ్ బిల్లు కూడా ఒకసారి తీసి చూడండి. చాలా ఫైబర్ ప్లాన్లలో ఒకట్రెండు ఓటీటీలు కలిపే ఇస్తున్నారు. వాటిని వాడటం మొదలుపెట్టకుండా మళ్లీ విడిగా కట్టే ఇళ్లు ఎన్నో.

జాబితా రాసుకోవడం ఈ పద్ధతికి వెన్నెముక. ఫోన్ నోట్స్‌లో ఒక పేజీ, ఓటీటీకో శీర్షిక. సినిమా వచ్చిందని తెలియగానే దానికింద పేరు, తేదీ రాసేయండి. ఏ శీర్షిక కింద నాలుగైదు పేర్లు చేరితే వచ్చే నెల దాని వంతు. రాసేటప్పుడు భాష కూడా రాసుకోవాలి, ఎందుకంటే హక్కులు భాషలవారీగా అమ్ముడవుతాయి. ఆర్ఆర్ఆర్ 2022 మే 20న వచ్చినప్పుడు తెలుగు జీ5లో, హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో పెట్టారు. సినిమా పేరు చూసి నెట్‌ఫ్లిక్స్ తీసుకున్నవాళ్లు సొంత భాష సినిమాని హిందీలో చూడాల్సి వచ్చింది. డబ్బు కట్టకముందే ఆప్‌లో ఆ సినిమా పేజీ తెరిచి భాషల వరస చూసుకుంటే ఈ తిప్పలు ఉండవు.

ఇక ఆపడం గురించి. వంతుల పద్ధతి పాడయ్యేది తీసుకునేచోట కాదు, ఆపేచోట. అందుకని తీసుకున్నరోజే ఆపేయండి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ నెట్‌ఫ్లిక్స్‌లో కట్టిన ఐదో నిమిషంలో `netflix.com/cancelplan` తెరిచి రద్దు చేసినా, కట్టిన నెల చివరి దాకా మామూలుగానే నడుస్తుంది. నెల చివర కావాలనిపిస్తే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు, అదే ఈమెయిల్‌తో వెళ్తే ప్రొఫైళ్లు, చూస్తూ ఆపిన చోటు కొన్ని నెలలపాటు అలాగే ఉంటాయి. ప్రైమ్‌లో కాస్త నిదానంగా చదవాలి. రద్దు చేయబోతే వరసగా రెండు మూడు పేజీలు వస్తాయి, గుర్తుచేయమంటారా అని ఒక బటన్, ఉంచుకోండి అని ఒకటి. ఫలానా తేదీన ముగుస్తుంది అని తేదీతో కనిపించే దాన్ని నొక్కి, చివర్లో ఆ తేదీతో మెయిల్ వచ్చిందాకా ఆగండి. మెయిల్ రాకపోతే రద్దు కానట్టే. ఉచిత ట్రయల్స్‌కి మాత్రం ఈ పద్ధతి పెట్టకండి, కొన్నిట్లో రద్దు చేసిన క్షణమే ట్రయల్ ఆగిపోతుంది.

ఎక్కడ కొన్నారో అక్కడే ఆపాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ ప్లే ద్వారా కట్టి ఉంటే ఓటీటీ ఆప్‌లో ఎంత వెతికినా రద్దు బటన్ కనిపించదు, ప్లే స్టోర్‌లో మీ ఫొటో నొక్కి `Payments & subscriptions`లోకి వెళ్లాలి. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో మీ పేరు కింద `Subscriptions`. ఆప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. తీసేసిన ఆప్‌కి నెలనెలా కడుతున్నవాళ్లు మీ అపార్ట్‌మెంట్‌లోనే ఉంటారు, అడిగి చూడండి.

యూపీఐ ఆటోపేతో కట్టేవాళ్లు ఫోన్‌పే, గూగుల్ పేలో ఆటోపే పేజీ తెరిస్తే నడుస్తున్న మ్యాండేట్లన్నీ, అంటే డబ్బు కట్ చేసుకోమని మీరిచ్చిన అనుమతులన్నీ, వరసగా కనిపిస్తాయి. అక్కడ రద్దు చేస్తే డబ్బు కట్ అవడం ఆగుతుంది, ఓటీటీలో ఖాతా మాత్రం పేమెంట్ రాలేదని నిలిచి ఉంటుంది. మళ్లీ ఎప్పుడో కార్డు నంబరు ఇస్తే అక్కడి నుంచే తిరిగి మొదలవుతుంది. అందుకని ముందు ఓటీటీలో రద్దు, తర్వాత మ్యాండేట్ రద్దు. ఈ వరస తప్పొద్దు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. వస్తుంది కూడా, కానీ ఆఫర్ల ఎస్సెమ్మెస్‌ల మధ్య పడిపోతుంది. 2025 ఆగస్టు 1 నుంచి ఆటోపేలు రద్దీ లేని వేళల్లోనే నడుస్తున్నాయి, ఉదయం పదిలోపు ఒక విడత. గడువు రోజున ఆఫీసుకెళ్లాక చూద్దాంలే అనుకుంటే అప్పటికే కట్ అయిపోయి ఉండొచ్చు. ముందురోజే పని ముగించాలి.

వంతులు పెట్టకూడనివి ఉన్నాయి. ఇంట్లో అత్తయ్యగారు రోజూ మధ్యాహ్నం స్టార్ మా సీరియల్ ఫోన్‌లో చూస్తుంటే జియోహాట్‌స్టార్‌ని ఆపడం ఆవిడ రోజుని ఆపడమే. అక్కడ డబ్బు లెక్క చూడకూడదు. చవకైన మొబైల్ ప్లాన్ ఏడాదికి ఆవిడ ఫోన్ వరకు తీసిపెట్టండి, 2025లో అది 499. క్రికెట్ నెలల్లో టీవీకి పెద్ద ప్లాన్ ఎలాగూ తీసుకుంటారు. జీ తెలుగు సీరియల్స్ అయితే జీ5, ఈటీవీవి అయితే ఈటీవీ విన్, జెమినివి అయితే సన్ నెక్స్ట్. రోజూ చూసేవాళ్లు ఎవరు, ఏది చూస్తారు అని తేల్చుకున్నాకే మిగతావాటికి వంతులు వేయాలి. చిన్నపిల్లలు అన్నం తింటూ చూసే కార్టూన్ విషయంలో కూడా అంతే.

బంధువులతో పంచుకుందాం, మాది ఒకటి మీది ఒకటి అనే పాత ఏర్పాటు మీద ఆధారపడొద్దు. నెట్‌ఫ్లిక్స్ 2023 జులై నుంచి మన దగ్గర ఒక ఖాతా ఒక ఇంటికే అంటోంది. మియాపూర్‌లో బావగారి ఖాతా దిల్‌సుఖ్‌నగర్‌లో మీ టీవీలో ఏ రోజు ఆగిపోతుందో చెప్పలేం.

పైన వేసిన వరసలో జనవరి ఖాళీగా ఉంది, గమనించే ఉంటారు. అది కావాలని వదిలిందే. పండగ సినిమాలు అప్పుడు థియేటర్లలో ఉంటాయి, ఫిబ్రవరిలోగాని ఓటీటీకి రావు. పిల్లలకి సంక్రాంతి సెలవులు, ఇంట్లో సగంమంది ఊళ్లకి వెళ్తారు. ఆ నెలలో ఆటోపే పేజీ తెరిస్తే ఒక్క ఓటీటీ పేరు కూడా ఉండకూడదు, అత్తయ్యగారిది తప్ప. ఇంకేదైనా కనిపిస్తే అది డిసెంబరులో ఆపడం మర్చిపోయినది. మిగిలిన 807లో ఏమైనా ఉంటే ఆగలేని ఆ ఒక్క సినిమాకి టికెట్లు కొనుక్కోండి.